డాక్సీసైక్లిన్ మింగాక ఛాతీలో పోటు వస్తుంటే ముందు ఆ తెల్ల సిరప్ పక్కన పెట్టండి

అడిగింది: "అన్నా, మాది కళ్యాణదుర్గం పక్కన పల్లె. జ్వరం తగ్గకపోతే రక్తపరీక్ష చేసి స్క్రబ్ టైఫస్ అన్నారు. డాక్సీసైక్లిన్ 100 క్యాప్సూల్ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, 7 రోజులు రాశారు. మూడో రోజు రాత్రి వేసుకుని పడుకున్నా. తెల్లారేసరికి ఛాతీ మధ్యలో మంట, ముద్ద మింగితే పొడిచినట్టుంది. గ్యాస్ అనుకుని ఇంట్లో ఉన్న తెల్ల సిరప్ తాగుతున్నా. నిన్న చేలోకి పోయొస్తే మెడ, చేతులు మండుతున్నాయి. ఈ మందు నాకు పడలేదా? ఆపేయాలా?"

తమ్ముడూ, మీరు చెప్పినదాన్నిబట్టి క్యాప్సూల్ కడుపులోకి దిగకుండా మధ్యలో అన్నవాహికలోనే ఆగి అక్కడ పుండు చేసినట్టుంది. మెడ, చేతుల మంట ఎండ వల్ల వచ్చింది. ఈ రెండూ డాక్సీసైక్లిన్ తీసుకునేవాళ్లలో అందరికీ తెలిసిన ఇబ్బందులే. మందు మీ ఒంటికి సరిపడదని వీటినిబట్టి చెప్పలేం. కానీ మీరు రాసినవాటిలో నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది మూడోది, ఆ తెల్ల సిరప్. అది మీ జ్వరం మందును ఒంటికి అందనివ్వదు.

కాబట్టి ఈరోజే చేయాల్సింది ఇది: తర్వాతి క్యాప్సూల్ టైమ్ వచ్చేలోపు మందు రాసిన డాక్టర్‌కి ఫోన్ చేసి "క్యాప్సూల్ మింగాక ఛాతీలో నొప్పి వచ్చింది, అన్నం మింగితే పోటు వస్తోంది" అని ఇదే మాటల్లో చెప్పండి. గ్యాస్ అని మాత్రం చెప్పకండి, గ్యాస్ అంటే ఇంకో గ్యాస్ మందు రాస్తారు. సొంతంగా మందు ఆపకండి, స్క్రబ్ టైఫస్‌ని మధ్యలో వదిలేస్తే కిడ్నీల దాకా, ఊపిరితిత్తుల దాకా పోతుంది. ఇదే క్యాప్సూల్ కొనసాగించాలా, వేరే మందుకు మార్చాలా అన్నది ఆయన తేలుస్తారు. ఇలా నొప్పి వచ్చినప్పుడు చాలామంది డాక్టర్లు అజిత్రోమైసిన్‌కి మారుస్తారు, స్క్రబ్ టైఫస్‌కి అదీ పనిచేస్తుంది.

నేను డాక్టర్‌ని కాను, అనంతపురంలో మెడికల్ షాపు నడిపే ఫార్మసిస్ట్‌ని. వానలు పడి చేలల్లో గడ్డి పెరిగాక ఈ జ్వరాలు మొదలవుతాయి, చలికాలం దాకా డాక్సీ చీటీలు వస్తూనే ఉంటాయి. మింగడంలో, పక్కన వేసుకునే మందుల్లో జనం ఎక్కడ తప్పుతారో కౌంటర్ దగ్గర రోజూ చూస్తుంటాను కాబట్టి రాస్తున్నా.

మొదట ఆ నొప్పి సంగతి. డాక్సీసైక్లిన్ హైక్లేట్ అనే రూపంలో ఉండే ఈ పొడి నీళ్లలో కరిగితే బాగా ఆమ్లంగా ఉంటుంది, పీహెచ్ 2 నుంచి 3 మధ్య. కడుపుకి అది లెక్కలేదు, కడుపులో అసలే ఆమ్లం ఉంటుంది, దాన్ని తట్టుకునే పొర కూడా ఉంటుంది. అన్నవాహికకు ఆ పొర లేదు. క్యాప్సూల్ తొడుగేమో జెలటిన్, తడి తగిలితే బంకబంకగా అయి, తడి పెదవికి పల్చటి కాగితం అంటుకున్నట్టు అన్నవాహిక గోడకు అతుక్కుంటుంది. ఒక గుక్క నీళ్లతో మింగి వెంటనే వెల్లకిలా పడుకుంటే దాన్ని కిందికి లాగడానికి బరువు సాయం ఉండదు. నిద్రపట్టాక మనం గుటక వేయడం దాదాపు ఆగిపోతుంది, నోట్లో లాలాజలం కూడా తగ్గిపోతుంది. తొడుగు అక్కడే కరిగి, పొడంతా ఒకేచోట పడి, తెల్లవార్లూ ఆ చోటును కాలుస్తూ ఉంటుంది. ఎక్కువగా ఆగేది ఛాతీ మధ్య భాగంలో, గుండె పైనుంచి వంపు తిరిగే పెద్ద రక్తనాళం అన్నవాహికను కాస్త నొక్కే చోట. మీరు "ఛాతీ మధ్యలో" అన్నారు కదా, అందుకే నాకు అనుమానం గట్టిపడింది.

దీన్ని మామూలు గ్యాస్ మంట నుంచి వేరు చేయడం పెద్ద కష్టమేమీ కాదు. గ్యాస్ మంట కడుపు పైభాగం నుంచి ఎగదన్నుతుంది, తిన్నాక పెరుగుతుంది, పుల్లటి త్రేన్పులు వస్తాయి, చాలామందికి అది ఎప్పటినుంచో ఉన్న బాధే అయి ఉంటుంది. క్యాప్సూల్ పుండు అలా రాదు. నిన్నటిదాకా శుభ్రంగా తిన్న మనిషికి ఉన్నట్టుండి మొదలవుతుంది, చాలాసార్లు రాత్రి మందు వేసుకుని పడుకున్నాక. ముద్ద దిగేటప్పుడు ఒకేచోట పొడుస్తుంది. వేడి టీ తాగినా, కారం తిన్నా ఆ చోటే భగ్గుమంటుంది. "ఏదో అడ్డం పడినట్టుంది సార్, ఇంకా ఆడనే ఉన్నట్టుంది" అని వేలు పెట్టి చూపిస్తారు. క్యాప్సూల్ ఎప్పుడో కరిగిపోయి ఉంటుంది, ఉన్నట్టు అనిపించేది పుండు. వయసులో ఉన్నవాళ్లకు, ఏ రోగమూ లేనివాళ్లకు కూడా ఇది వస్తుంది. ఒంట్లో బలం ఉందా లేదా అన్నదానికి దీంతో సంబంధం లేదు, ఎన్ని నీళ్లతో మింగారు, మింగాక ఎంతసేపు కూర్చున్నారు అన్నదే లెక్క.

అయితే ఒక జాగ్రత్త. ఛాతీ నొప్పి అనగానే ఇదే అని నేను ఇక్కడ కూర్చుని ముద్ర వేయకూడదు. నొప్పి ఎడమ చేతికో దవడకో పాకుతుంటే, చెమటలు పోస్తుంటే, ఆయాసం వస్తుంటే ఇదంతా చదువుతూ కూర్చోకండి, దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి పోండి. ఉమ్మి కూడా మింగలేకపోయినా, వాంతిలో రక్తం కనబడినా, విరేచనం తారులా నల్లగా వచ్చినా అంతే.

మింగే పద్ధతికి వస్తే, "నీళ్లతో వేసుకోండి" అని చెబితే చాలదని నాకు ఎప్పుడో అర్థమైంది. నీళ్లతో అంటే మన దగ్గర చాలామంది లెక్కలో రెండు గుక్కలు. నేను షాపులో చెప్పేది ఇలా ఉంటుంది. నిటారుగా కూర్చోండి, లేకపోతే నిలబడండి. ముందు ఒక గుక్క నీళ్లు ఉత్తగా తాగండి, గొంతు తడుస్తుంది. తర్వాత క్యాప్సూల్ నాలుక మీద పెట్టుకుని, నోట్లోకి నీళ్లు తీసుకుని, గడ్డం కాస్త కిందికి వంచి మింగండి. తల వెనక్కి వాల్చి మింగడం అందరికీ అలవాటు, కానీ క్యాప్సూల్ తేలికైనది, నోట్లో నీళ్ల మీద తేలుతుంది, తల ముందుకు వంచితేనే అది గొంతువైపు చేరి సులువుగా దిగుతుంది. దిగాక ఆగకుండా గ్లాసు మొత్తం ఖాళీ చేయండి, ఒక పెద్ద స్టీలు గ్లాసు, సుమారు 200 నుంచి 250 మిల్లీలీటర్లు. ఆ తర్వాత రెండు మూడు ముద్దలు ఏదైనా తినండి, ఇంకేమైనా అంటుకుని ఉంటే అవి తోసుకుపోతాయి. వేడి టీతో మాత్రం వద్దు. వేడికి జెలటిన్ దారిలోనే మెత్తబడి అతుక్కుంటుంది, అందులో పాలు ఉండటం మరో తంటా.

మింగాక కనీసం అరగంట, వీలైతే గంట, నడుం వాల్చకూడదు. దీనికి నేను చెప్పే సులువైన మార్గం రాత్రి మందును "పడుకునేముందు" నుంచి "రాత్రి అన్నంతో"కి జరపడం. రెండు పూటలా మందు అంటే రెండిటికీ మధ్య సుమారు 12 గంటల ఎడం ఉంటే సరిపోతుంది, పడుకునేటప్పుడే వేసుకోవాలని ఎక్కడా లేదు. పల్లెల్లో తొమ్మిదికే నిద్రపోతారు కాబట్టి పొద్దున ఏడున్నర, సాయంత్రం ఏడున్నర పెట్టుకోండి. జ్వరంతో నీరసంగా ఉండి లేవలేని ముసలివాళ్లకు మంచం మీద పడుకోబెట్టి నోట్లో వేసి చెంచాతో నీళ్లు పోస్తుంటారు చూడండి, ఈ మందుతో అది అస్సలు పనికిరాదు. లేపి, గోడకు ఆనించి కూర్చోబెట్టే వేయాలి, వేశాక కూడా కాసేపు అలాగే ఉంచాలి. అలా కూర్చోబెట్టడం కుదరదంటే నీళ్లలో కరిగే ట్యాబ్లెట్ రూపం ఇవ్వొచ్చేమో డాక్టర్‌ని అడగండి. క్యాప్సూల్ విప్పి పొడి నోట్లో పోసేవాళ్లను కూడా చూశాను, అది ఇంకా ఘోరం, ఆ ఆమ్లం నేరుగా నోటికీ గొంతుకూ తగులుతుంది.

ఇప్పుడు సిరప్ దగ్గరికి వద్దాం, ఎందుకంటే అసలు కథ ఇక్కడే మలుపు తిరుగుతుంది. మన ఇళ్లల్లో దొరికే గ్యాస్ సిరప్ సీసా తిప్పి చూడండి, అల్యూమినియం హైడ్రాక్సైడ్, మెగ్నీషియం హైడ్రాక్సైడ్ అని రాసి ఉంటుంది. చప్పరించే గ్యాస్ బిళ్లల్లో కాల్షియం కార్బొనేట్ ఉంటుంది. డాక్సీసైక్లిన్ అణువుకి ఈ లోహాలంటే విపరీతమైన పట్టు, కడుపులో అవి కనబడితే వాటిని పట్టుకుని ఒక ముద్దగా మారిపోతుంది, ఆ ముద్ద పేగు గోడ దాటి రక్తంలోకి పోలేదు. మందు మింగారు, కానీ అది ఒంటికి అందకుండా విరేచనంలో పోతుంది. కొన్ని జెల్స్‌లో మొద్దుబారించే మందు కూడా కలుపుతారు, తాగగానే గొంతు నుంచి కిందిదాకా హాయిగా ఉంటుంది, అందుకే పుండు ఉన్నవాళ్లు గంటకోసారి తాగుతూ పోతారు. అలా ఒక క్యాప్సూల్ సరిగ్గా మింగకపోవడం దగ్గర మొదలై, నొప్పి వచ్చి, నొప్పికి సిరప్ పడి, సిరప్ వల్ల తర్వాతి క్యాప్సూల్స్ పనిచేయక, చివరికి "మందు పనిచేయలేదు" అన్న మాట దగ్గర తేలుతుంది.

ఇంకో చిక్కు ఉంది, దీన్ని కొంతమంది మందులు రాసేటప్పుడు కూడా మరిచిపోతారు. అన్నవాహికలో పుండు అంటే సుక్రాల్‌ఫేట్ సిరప్ రాయడం మామూలు, పుండు మీద పూతలా పరుచుకుంటుంది, మంచి మందే. కానీ సుక్రాల్‌ఫేట్‌లో ఉండేది అల్యూమినియమే. డాక్సీ కొనసాగిస్తూ దాన్ని కూడా రాస్తే "రెండిటికీ మధ్య ఎంత ఎడం ఇవ్వాలి సార్?" అని తప్పకుండా అడగండి. పాంటోప్రజోల్, ఫామోటిడిన్ లాంటివి వేరే రకం, వాటిలో ఈ లోహాలు ఉండవు, కాబట్టి డాక్సీని ఇలా పట్టుకోవు. నొప్పికి ఏదో ఒకటి కావాలి కాబట్టి డాక్టర్‌తో మాట్లాడేటప్పుడు ఈ తేడా మీకు తెలిసి ఉండటం మంచిది.

లెక్క ఇలా పెట్టుకోండి: ఏడున్నరకు డాక్సీ అయితే, తప్పనిసరై సిరప్ తాగాల్సి వచ్చినప్పుడు మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి మధ్య తాగండి. అప్పటికి పొద్దున మందు రక్తంలోకి పోయి ఉంటుంది, సాయంత్రం మందుకు ఇంకా నాలుగున్నర గంటలైనా ఉంటుంది. తక్కువలో తక్కువ ఇటు రెండు మూడు గంటలు, అటు రెండు మూడు గంటలు ఎడం ఉండాలి. గంట ఎడం ఇచ్చాం కదా అనుకుంటే చాలదు.

ఒక ఇంటి సంగతి చెబుతా. నలభై దాటిన ఆవిడ, జ్వరం, చంక కింద నల్లటి పొక్కు, స్క్రబ్ టైఫస్ అనే డాక్సీ మొదలుపెట్టారు. మూడో రోజు వాళ్లబ్బాయి షాపుకొచ్చి "జ్వరం అట్లే ఉంది, ఇంకా పవర్ ఉండే మందు ఏమన్నా ఉందా" అన్నాడు. సరిగ్గా అందితే ఈ మందుకు స్క్రబ్ టైఫస్ జ్వరం మామూలుగా 48 గంటల్లో దిగుతుంది, అందుకని నేను ఏమేం వేస్తున్నారో అన్నీ తెమ్మన్నా. కవర్‌లో పొద్దున వేసేవి ఇవి: డాక్సీ, జింక్ కలిపిన బీకాంప్లెక్స్ క్యాప్సూల్, రక్తం తక్కువని ఎప్పటినుంచో వాడుతున్న ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర, పైన గ్యాస్ సిరప్ రెండు మూతలు. అన్నీ ఒకే గుప్పిట్లో పెట్టుకుని, "మందులు వేడి చేస్తాయి" అని గ్లాసుడు పాలతో. అంటే డాక్సీ ఒకటి, దాన్ని పట్టుకునేవి ఐదు.

అబ్బాయితో అక్కడినుంచే డాక్టర్‌కి ఫోన్ చేయించా. ఆయన ఐరన్, కాల్షియం, జింక్ ఉన్న బీకాంప్లెక్స్ మూడూ ఈ వారం ఆపేయమన్నారు, సిరప్ బదులు పొద్దున పరగడుపున పాంటోప్రజోల్ ఇమ్మన్నారు, డాక్సీని ఉప్మానో ఇడ్లీనో తినేటప్పుడు నీళ్లతో ఇమ్మన్నారు, మర్నాడు తెచ్చి చూపించమన్నారు. రెండో రోజు సాయంత్రానికి జ్వరం దిగింది. ఈ మార్పు వల్లే దిగిందని నేను ప్రమాణం చేయను, రోగం తన దారిన తగ్గుముఖం పట్టి కూడా ఉండొచ్చు. కానీ మందు పనిచేయట్లేదని ఇంకో మందు వెతికేముందు అసలు మందు లోపలికి పోతోందా అని చూడాలి కదా. అదే చూశాం. 48 గంటలు సరిగ్గా వేసుకున్నా జ్వరం దిగకపోతే మాత్రం అది వేరే రోగమో, వేరే చిక్కో అయి ఉండొచ్చు, డాక్టర్ మళ్లీ చూడాల్సిందే.

ఆ గుప్పిట్లో అన్నిటికన్నా చెడ్డది ఐరన్. డాక్సీ రక్తంలోకి పోయాక కూడా కొంత పిత్తంతో కలిసి మళ్లీ పేగులోకి వస్తుంది, అక్కడినుంచి మళ్లీ లోపలికి పోతుంది. పేగులో ఐరన్ ఉంటే ఆ తిరిగొచ్చిన మందును కూడా పట్టేసుకుంటుంది. అందుకే ఐరన్ విషయంలో గంటల ఎడం ఇచ్చినా నష్టం పూర్తిగా పోదు, ఆ 7 రోజులు ఆపితే మేలని డాక్టర్లు అంటారు. గర్భిణులు ఐరన్ వాడుతుంటారు కదా అని మీకు అనుమానం రావచ్చు. గర్భిణులకు అసలు డాక్సీయే మామూలుగా రాయరు, వేరే మందు ఇస్తారు. గర్భం ఉందేమో అన్న అనుమానం ఉన్నా ముందే చెప్పాలి.

పాలు, పెరుగు విషయంలో జనం రెండు కొసలకు పోతారు. ఒకరు పాలతోనే మింగుతారు, ఇంకొకరు వారం రోజులు మజ్జిగ చుక్క ముట్టరు. పాత టెట్రాసైక్లిన్‌కి పాలు పెద్ద శత్రువు, సగానికి పైగా మందును పోగొడతాయి. డాక్సీ ఆ కుటుంబమే అయినా పాలతో దీనికి జరిగే నష్టం తక్కువ, సుమారు ఐదో వంతు తగ్గుతుంది. అంటే ఎప్పుడో పొరపాటున పెరుగన్నం తిన్నాక మందు గుర్తొచ్చి వేసుకుంటే కొంప మునిగిపోదు, ఆ డోసు మళ్లీ వేసుకోవాల్సిన పనీ లేదు. కానీ జ్వరం ఒంట్లో ఉన్నప్పుడు ఆ ఐదో వంతు మాత్రం ఎందుకు పోగొట్టుకోవాలి? పొద్దున మందుకు రెండు గంటలు అటుగా టీ తాగండి, పెరుగు, మజ్జిగ మధ్యాహ్నం భోజనంలో హాయిగా వేసుకోండి, రాత్రి మందు పూట మాత్రం పప్పన్నమో చారన్నమో తినండి. మన వైపు రాత్రిపూట సంగటి తినే ఇళ్లు ఎక్కువ. రాగుల్లో కాల్షియం బాగా ఉంటుంది కాబట్టి సంగటిని కూడా ఈ వారం మధ్యాహ్నానికి జరపమంటాను. జొన్నరొట్టె, ఇడ్లీ, ఉగ్గాని ఏదైనా పర్వాలేదు, కాకపోతే అన్నవాహికలో పుండు ఉన్న మీకు ఇప్పుడు ఉగ్గాని పక్కన మిరపకాయ బజ్జీ వద్దు. ఖాళీ కడుపుతో వేసుకుంటే ఈ మందుకు వికారం, వాంతి బాగా వస్తాయి, అందుకే తిండితోనే వేసుకోమంటా. వాంతిలో పోయే మందు కన్నా తిండి వల్ల కొంచెం తగ్గే మందు నయం.

ఇక ఎండ. వేరుశనగ పీకే రోజుల్లో చేలోకి పోవద్దంటే మీరు వింటారా? అయినా స్క్రబ్ టైఫస్ జ్వరంలో నాలుగో రోజే చేలోకి పోవడం నాకైతే నచ్చలేదు, అది ఎండ కోసమే కాదు, మీ ఒంటికి ఇంకా విశ్రాంతి కావాలి. డాక్సీ ఒంట్లో ఉన్నప్పుడు చర్మంలో చేరిన మందు మీద ఎండలోని అతినీలలోహిత కిరణాలు పడితే అది అక్కడికక్కడే చర్మాన్ని కాలుస్తుంది. ముఖ్యంగా యూవీఏ అనే రకం కిరణాలు, ఇవి మబ్బుల్లోంచి కొంత, బస్సు అద్దంలోంచి కూడా వస్తాయి. అందుకే మబ్బుగా ఉన్న రోజు పోయొచ్చినవాళ్లు కూడా "అంత ఎండ లేదు కదా సార్" అంటూ ఎర్రటి మెడతో వస్తారు.

ఇది ఎండ మంటా, మందు పడక వచ్చిన దద్దురా అని ఎలా తెలుస్తుందంటే, చోటును చూడండి. ఎండ తగిలిన చోటే వస్తే, అంటే ముఖం, మెడ వెనక, ముంజేతులు, పాదాల పైభాగం ఎర్రబడి, చొక్కా చేతులు ముగిసిన చోట గీత గీసినట్టు ఆగిపోతే అది ఎండ పని. చొక్కా లోపల వీపు, పొట్ట మీద కూడా దద్దుర్లు, దురద ఉంటే, పెదవులు, కళ్లు వాస్తే, నోట్లో పొక్కులు వస్తే అది వేరే కథ, వెంటనే డాక్టర్ దగ్గరికి పోవాలి. మీకు మెడ, చేతులే అన్నారు కాబట్టి మొదటిదే అనుకుంటున్నా. చాలామందికి ఎరుపు కనబడకముందే చేతుల మీద చిమచిమలాడినట్టు, గుచ్చినట్టు మొదలవుతుంది, అది తెలియగానే నీడకు పోవాలి. చల్లటి తడిగుడ్డ వేసుకోండి, బొబ్బలు వస్తే చిదమకండి. ఎక్కువ రోజులు వాడేవాళ్లకు, మొటిమలకు నెలల తరబడి రాసినవాళ్లకు, గోళ్లు కొస నుంచి లేవడం కూడా చూస్తాం. ఒక మేస్త్రి కుర్రాడు బొటనవేలు గోరు సుత్తి దెబ్బకు లేచిందనుకున్నాడు, చూస్తే ఐదారు గోళ్లు అలాగే ఉన్నాయి.

పని తప్పదంటే తెల్లవారుజాము, సాయంత్రం నాలుగు దాటాక పెట్టుకోండి. పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా వద్దు. నిండు చేతుల ముదురు రంగు చొక్కా వేసుకోండి, పల్చటి తెల్ల చొక్కా కన్నా అదే ఎక్కువ ఆపుతుంది. తువ్వాలు తలకు మాత్రమే చుట్టకుండా మెడ వెనక దిగేలా వేసుకోండి, అందరూ వదిలేసే చోటు అదే. బండి మీద పోయేటప్పుడు చేతుల పైభాగం కాలుతుంది, గ్లౌజులు మేలు. సన్‌స్క్రీన్ కొనేవాళ్లు ఎస్పీఎఫ్ అంకె ఒక్కటే చూస్తారు, అది ఎక్కువగా యూవీబీ అనే ఇంకో రకం కిరణాల లెక్క. ఈ మందుకు కావాల్సింది యూవీఏని కూడా ఆపేది, డబ్బా మీద బ్రాడ్ స్పెక్ట్రమ్ అనో, పీఏ పక్కన ప్లస్ గుర్తులో ఉంటాయి, అవి చూసి తీసుకోండి. చెమటకు పోతుంది కాబట్టి రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. కోర్సు అయిపోయిన మర్నాడే ఈ జాగ్రత్త వదిలేయకండి, మందు ఒంట్లోంచి పూర్తిగా పోవడానికి నాలుగైదు రోజులు పడుతుంది.

మీ నొప్పి ఎప్పుడు తగ్గుతుందన్నది మీరు అడగలేదు కానీ అడుగుతారని తెలుసు. క్యాప్సూల్ ఆ చోటును మళ్లీ తాకకపోతే చాలామందికి కొద్దిరోజుల్లోనే మింగడం తేలికవుతుంది, పూర్తిగా మానడానికి ఒకటి రెండు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. అందాకా మెత్తగా, గోరువెచ్చగా, కారం లేకుండా తినండి. నీళ్లు కూడా దిగనంత నొప్పి ఉన్నా, వారం దాటినా తగ్గకపోయినా ఎండోస్కోపీ చేసి చూస్తారు, దానికి భయపడొద్దు.

డాక్టర్ డాక్సీ ఆపి అజిత్రోమైసిన్ రాస్తే ఈ ఎండ గొడవ, గొంతులో అతుక్కునే గొడవ చాలావరకు తగ్గిపోతాయి. అప్పుడు సిరప్ మళ్లీ మొదలుపెట్టొచ్చు కదా అనుకునేరు, అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న సిరప్‌తో కలిపి అజిత్రోమైసిన్ కూడా వేసుకోకూడదు, దానికీ 2 గంటల ఎడం కావాలి. ఒకవేళ డాక్సీనే కొనసాగించమంటే, ఈ రాత్రి నుంచి ఏడున్నరకు, కూర్చుని, గ్లాసు నిండా నీళ్లతో. ఏమన్నారో ఇక్కడ రాయండి, చూస్తా.